ఫొటోలో ఉన్న నిజాం రూపాయిని కొత్తవాళ్ళకి చదివి చెప్పడం ఎలా?

మా అక్క కొడుకు ఒక రాత్రి వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపాడు. కింద ఇలా రాశాడు: "మామయ్యా, నానమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది. చార్మినార్ ఉంది కాబట్టి హైదరాబాద్‌దే. కానీ హైదరాబాద్ మింటుకి నక్షత్రం గుర్తు ఉంటుందని వీడియోలో చెప్పారు, ఎంత వెతికినా నక్షత్రం కనబడలేదు. వెనకవైపు మాత్రం చుక్కలున్నాయి. చుక్క అంటే నోయిడా కదా? ఇది డూప్లికేటా?"

నాణేలు పోగుచేయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు దాదాపు అందరూ అడిగే ప్రశ్నే ఇది. మింట్ మార్క్, అంటే ఏ టంకశాలలో కొట్టారో చెప్పే చిన్న గుర్తు, అనే మాట ముందు చెవిన పడుతుంది. నాణెం మీద రాసినది చదవడం తర్వాతెప్పుడో వస్తుంది. అందుకని కనబడిన ప్రతి చుక్కా, పువ్వూ, గీతా మింట్ మార్కే అనిపిస్తుంది. వాడి నాణెం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటి వెండి రూపాయి, మన ఇళ్ళల్లో 'హాలీ సిక్కా' అని చెప్పుకునేది. ఆ ఒక్క రూపాయి ఫొటోను పట్టుకుని, ఉర్దూ రానివాళ్ళకి కూడా అర్థమయ్యేలా ఎలా విడమరచి చెప్పాలో ఇక్కడ రాస్తున్నాను. నాకూ ఉర్దూ గడగడా చదవడం రాదు. ఈ నాణేల మీద వచ్చే ఓ పదిహేను మాటల ఆకారాలు మాత్రం గుర్తుపట్టగలను. ఈ పనికి అవి చాలు.

ముందు ఫొటో సరిగ్గా ఉందా?

వాడు పంపిన మొదటి ఫొటో ట్యూబ్‌లైట్ కింద, ఫ్లాష్ వేసి తీసింది. మధ్యలో తెల్లటి మెరుపు తప్ప ఏమీ లేదు. మళ్ళీ తీయమన్నాను. పగలు కిటికీ పక్కన, తెల్ల కాగితం మీద నాణెం పెట్టి, ఫ్లాష్ ఆపేసి, ఫోన్‌ని నాణేనికి సరిగ్గా పైన సమాంతరంగా పట్టుకోవాలి. మరీ దగ్గరికి వెళితే ఫోన్ నీడ పడుతుంది కాబట్టి కాస్త ఎత్తు నుంచి జూమ్ చేసి తీయడం మంచిది. వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడితే అక్షరాలకు నీడ వచ్చి అరిగినవి కూడా తేలతాయి.

ఇందులో ఒక తిరకాసు ఉంది. వెలుతురు ఫొటో పైభాగం వైపు నుంచి రావాలి. కింది నుంచి వస్తే మన కన్ను మోసపోతుంది. పైకి ఉబికి ఉన్న అక్షరాలు లోపలికి చెక్కినట్టు కనిపిస్తాయి. "అక్షరాలు లోపలికి ఉన్నాయి, నకిలీయేమో" అని ఎవరైనా అంటే, ముందు ఫొటోని తలకిందులుగా తిప్పి చూడమనండి. చాలాసార్లు అక్కడితో సందేహం తీరిపోతుంది.

ఈ సందర్భంలో ఇంకో మాట కూడా చెప్పేయాలి. ఫొటో బాగా రావాలని నాణేన్ని తోమకూడదు. వెండి సామాను కదా అని విభూది పెట్టి రుద్దేవాళ్ళు, చింతపండుతో కడిగేవాళ్ళు ఉన్నారు. తెల్లగా మెరుస్తుంది, నిజమే. కానీ రుద్దినప్పుడు పడిన సన్నటి గీతలు మళ్ళీ పోవు, సేకరించేవాళ్ళు ఆ నాణేన్ని పక్కన పెట్టేస్తారు. నల్లబడితే నల్లబడనివ్వండి, అక్షరాలు ఆ నలుపు మీదే బాగా కనిపిస్తాయి.

బొమ్మ వైపు: చార్మినార్, దాని కమానులో ఒక అక్షరం

బొమ్మ వైపు చదవడం సులువు. చార్మినార్ ఉంది కాబట్టి ఫొటో నిటారుగా ఉందో లేదో వెంటనే తెలిసిపోతుంది. కొత్తవాళ్ళు చార్మినార్‌ని చూసి అక్కడే ఆగిపోతారు. అసలు విషయం దాని కమాను లోపల ఉంది. జూమ్ చేస్తే ద్వారంలో ఒకే ఒక్క అక్షరం కనిపిస్తుంది. మావాడి రూపాయిలో అది 'ఐన్', అంటే ఉస్మాన్ అనే పేరులో మొదటి అక్షరం. మనం రాసే 3 అంకెని అద్దంలో చూస్తే ఎలా ఉంటుందో దాదాపు అలా ఉంటుంది: నోరు కుడివైపుకి తెరిచిన చిన్న వంపు, దాని కింద అదే వైపుకి తెరిచిన పెద్ద వంపు. ఏడో నిజాం పాలన మొదట్లో వచ్చిన కొన్ని నాణేల మీద తోక లేకుండా పై వంపు మాత్రమే ఉంటుంది. అదీ ఐనే.

అక్కడ గుండ్రటి తల, కిందికి వేలాడే తోక ఉన్న అక్షరం కనిపిస్తే అది 'మీమ్'. ఆ రూపాయి ఉస్మాన్ అలీ ఖాన్ తండ్రి, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ది. ఆయన పాలన 1911 ఆగస్టులో ముగిసింది, అదే నెలలో కొడుకు గద్దెనెక్కాడు. రెండు రూపాయలూ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. వేరు చేసేది ఈ ఒక్క అక్షరమే.

ఎందుకు ఒక్క అక్షరం? చార్మినార్ చుట్టూ రాసినదాంట్లో రాజు పేరు ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. లేదు. అక్కడ ఉన్నది 'నిజాం ఉల్ ముల్క్ ఆసఫ్ జాహ్ బహదూర్'. అది బిరుదు. మొదటి నిజాంకి మొగల్ పాదుషాలు ఇచ్చిన బిరుదుల్నే వంశం మొత్తం మోసింది. ఆసఫ్ అంటే సులేమాన్ చక్రవర్తి మంత్రి అని సంప్రదాయం. అంటే ఆ బిరుదు చదివితే వంశం తెలుస్తుంది, మనిషి తెలియడు. ఆ పని కమానులోని అక్షరం చేస్తుంది. ఇది ఇలా విడగొట్టి చెప్తే కొత్తవాళ్ళకి చప్పున ఎక్కుతుంది.

ఇక్కడే ఐన్ ఇంకో రకంగా కూడా పనికొస్తుంది. కొన్ని ఫోన్లలో ముందు కెమెరాతో తీసిన ఫొటో అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. ఐన్ వంపుల నోళ్ళు ఎడమవైపుకి తెరిచి, మామూలు 3 లాగా కనిపిస్తే ఫొటో తిరగబడిందన్నమాట. అలాంటి ఫొటోలో అక్షరాలు చదవడానికి కూర్చుంటే తెల్లారిపోతుంది.

బిరుదుతో పాటు అక్కడే 92 అనే అంకె ఉంటుంది. దీన్ని సంవత్సరం అనుకుని 1892 అని చెప్పినవాళ్ళని చూశాను. అది సంవత్సరం కాదు. అరబీ లిపిలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది. మహమ్మద్ అనే పేరులోని మీమ్ 40, హే 8, మళ్ళీ మీమ్ 40, దాల్ 4. కూడితే 92. ప్రవక్త పేరుని అంకెలో రాశారు.

సంవత్సరం: ఫస్లీ అనుకోకండి

చార్మినార్ కింద, అంచుకి దగ్గరగా నాలుగంకెల సంవత్సరం ఉంటుంది. అక్షరాలు కుడి నుంచి ఎడమకి వెళ్ళినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. గుర్తుపట్టడం ఇలా: నిలువు గీత 1. గీత మీద ఒక వంకర ఉంటే 2, రెండు పళ్ళుంటే 3. ఇంగ్లీషు వి అక్షరంలా ఉంటే 7, దాన్ని బోర్లిస్తే 8. 9 మన 9 లాగే ఉంటుంది. చుక్క ఉంటే సున్నా. అరిగిన నాణెంలో 2కీ 3కీ తేడా పట్టడం కష్టం, పై పళ్ళే ముందు అరిగిపోతాయి.

మావాడి రూపాయి మీద 1337 ఉంది. ఇది హిజ్రీ సంవత్సరం. చాంద్రమానం కాబట్టి ఏడాదికి సుమారు 354 రోజులే, అందుకని ఒక స్థిరమైన సంఖ్య కూడితే సరిపోదు. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే దాదాపుగా మన లెక్క వస్తుంది:

1337 × 0.97 = 1296.9
1296.9 + 622 = 1918.9

అంటే 1918 చివర మొదలై 1919లో ముగిసిన ఏడాది. కచ్చితంగా చెప్పాలంటే 1337 హిజ్రీ 1918 అక్టోబరు మొదటివారంలో మొదలైంది.

తెలంగాణ కుటుంబాల వాళ్ళు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు, అది చాలా సహజమైన పొరపాటు. పాత పట్టాలు, పహాణీలు చూసిన ఇళ్ళల్లో ఫస్లీ సంవత్సరానికి 590 కలపాలని పెద్దవాళ్ళకి తెలుసు. ఫస్లీ కూడా పదమూడు వందల్లోనే నడిచింది. ఆ అలవాటుతో 1337కి 590 కలిపితే 1927 వస్తుంది. ఎనిమిది, తొమ్మిదేళ్ళ తేడా! ఫస్లీ శిస్తు లెక్కల సంవత్సరం, రూపాయి మీద ఉన్నది హిజ్రీ. మా బావగారు కూడా ముందు 1927 అనే చెప్పారట.

బొరుసు వైపు: చుక్కలు ఎటు ఉన్నాయి?

వెనకవైపు బొమ్మ లేదు, అంతా రాతే. కొత్తవాళ్ళు తలకిందులుగా ఫొటో తీసేది ఈ వైపే, ఆ సంగతి వాళ్ళకి తెలియను కూడా తెలియదు. మధ్యలో పెద్ద అక్షరాలతో 'యక్ రూపియా' అని ఉంటుంది, అంటే ఒక రూపాయి. 'యక్'లోని మొదటి అక్షరం కింద రెండు చుక్కలు, 'రూపియా'లో 'పే' అక్షరం కింద మూడు చుక్కలు, దాని పక్కన 'యే' కింద రెండు చుక్కలు. చోటు చాలక చెక్కేవాళ్ళు వాటిని కాస్త అటూ ఇటూ జరిపినా, మధ్యలోని చుక్కలు ఎక్కువభాగం అక్షరాల కిందివైపు ఉండాలి. అవి పైకి వస్తే ఫొటో తిరగేయండి.

మావాడు 'నోయిడా చుక్కలు' అన్నవి ఇవే. అవి అక్షరాల్లో భాగం. మన 'ఛ' కింద ఒత్తుని ఎవరైనా విడిగా ఒక గుర్తు అనుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఇదే బొమ్మతో ఎనిమిదణాలు, నాలుగణాలు, రెండణాల వెండి నాణేలు కూడా ఉన్నాయి. ఫొటోలో సైజు తెలియదు కాబట్టి మధ్యలోని మాటే ఆధారం. రూపాయికి 'యక్ రూపియా', ఎనిమిదణాలకి 'హష్త్ ఆనా', నాలుగణాలకి 'చహార్ ఆనా'. నాణెం పక్కన ఇప్పటి రూపాయి బిళ్ళ ఒకటి పెట్టి ఫొటో తీయమంటే ఈ గొడవే ఉండదు.

చుట్టూ ఉన్న రాతలో రెండు సంగతులు ఉంటాయి. ఒకటి: 'జర్బ్ ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్'. జర్బ్ అంటే ముద్ర కొట్టడం. ఫర్ఖుందా బున్యాద్ అంటే శుభమైన పునాది కలది, హైదరాబాద్ నగరానికి ఉన్న బిరుదు. అంటే 'శుభ పునాది గల హైదరాబాద్‌లో ముద్రించినది'. మింటు గుర్తు కోసం వెతకాల్సిన పనే లేదు, మింటు పేరే పూర్తిగా రాసి ఉంది!

నక్షత్రం ఎందుకు లేదన్న ప్రశ్నకి జవాబు ఇదే. ఒకే రకం నాణేన్ని రెండు మూడు టంకశాలలు కొడుతున్నప్పుడు, ఏది ఎక్కడిదో తెలియడానికి చిన్న గుర్తు కావాలి. నిజాం రూపాయికి ఆ అవసరం లేదు. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసింది. టంకశాల భారత ప్రభుత్వం చేతికొచ్చాక, బొంబాయి, కలకత్తాల్లో కొట్టే నాణేలే ఇక్కడా కొట్టడం మొదలైంది. సంవత్సరం కింద నక్షత్రం వచ్చింది ఆ తర్వాతి కాలంలోనే. బొంబాయికి వజ్రం ఆకారం, కలకత్తాకి ఏ గుర్తూ లేదు, 1988లో మొదలైన నోయిడాకి చుక్క. 1919 నాటి రూపాయిలో నోయిడా చుక్క వెతకడమంటే తాతగారి పెళ్ళి ఫొటోలో మనవణ్ణి వెతకడమే. అసలు నిజాం రూపాయి మీద నక్షత్రం సంవత్సరం కింద కనిపిస్తేనే అనుమానించాలి.

అంచుల దగ్గర తీగలు, చిన్న పూలు ఉంటే అవి అలంకారం. వాటిని ఏ టంకశాలకీ అంటగట్టకండి.

రెండు సంవత్సరాలని ఒకదానితో ఒకటి సరిచూడటం

చుట్టూ ఉన్న రెండో సంగతి 'సనా జులూస్ మైమనత్ మానూస్'. శుభప్రదమైన పట్టాభిషేకం నుంచి ఇన్నో ఏడాది అని అర్థం. మొగల్ పాదుషాల నాణేల మీది వాక్యమిది, మొగల్ రాజ్యం పోయిన తర్వాత కూడా నిజాంలు దీన్ని వదల్లేదు. 'సనా'కి సంబంధించిన అంకె రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో చెబుతుంది.

నాకు ఈ నాణెంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. మావాడు "అంకె ఇంగ్లీషు వి లాగా ఉంది, అంటే 7" అని రాశాడు. బొమ్మ వైపున 1337, వెనక 7. రెండూ పొసుగుతాయా? ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1329 హిజ్రీ, రంజాన్ నెల మొదటివారంలో. ఆ రోజు నుంచి మొదటి ఏడాది. కాబట్టి హిజ్రీ సంవత్సరంలోంచి 1329 తీసేస్తే వచ్చే సంఖ్య గానీ, దానికి ఒకటి ఎక్కువ గానీ వెనక ఉండాలి. 1337లోంచి 1329 పోతే 8. అంటే వెనక 8 ఉండాలి, లేదా 9 ఉండాలి. 7 ఉండటానికి వీల్లేదు.

"ఫొటో తలకిందులుగా పెట్టావురా, చుక్కలు ఎటున్నాయో చూడు" అన్నాను. పైన ఉన్నాయన్నాడు. తిప్పితే వి బోర్లాపడి 8 అయింది. చుక్కలు కిందికొచ్చాయి. లెక్క కుదిరింది.

అంతటితో ఆగకుండా ఇంకో అడుగు వేయొచ్చు. హిజ్రీ ఏడాది మొహర్రంతో మొదలవుతుంది. ఏలుబడి ఏడాది రంజాన్‌లో మారుతుంది. 1337లో మొహర్రం నుంచి రంజాన్ ముందు దాకా 8వ ఏడు, ఆ తర్వాత 9వ ఏడు. కాబట్టి 1337, 8 రెండూ కలిసి ఉన్న రూపాయి ముద్రల లెక్క ప్రకారం 1918 అక్టోబరు నుంచి 1919 మే లోపలిది. ఒక్క సంవత్సరం చూస్తే ఏడాది తెలుస్తుంది, రెండూ చూస్తే ఎనిమిది నెలలకి దిగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన నెల కూడా అందులోనే ఉంది.

అరిగిన 2, 3 గొడవకి కూడా ఇదే మందు. బొమ్మ వైపు 1332నా 1333నా అని తేలకపోతే వెనక అంకె చూడండి. 3 ఉంటే 1332, 5 ఉంటే 1333. 4 ఉంటే మాత్రం రెండింటికీ కుదురుతుంది, అప్పుడు 'తేలలేదు' అని చెప్పడమే న్యాయం. రెండు ముఖాల అంకెలూ అసలు పొసగకపోతే మన చదువు తప్పై ఉండాలి, లేదా ఎవరో రెండు వేర్వేరు నాణేల ఫొటోలు కలిపి పంపి ఉండాలి, లేదా నాణెమే తప్పుడుది. ఈ వరసలోనే అనుమానించాలి. నా అనుభవంలో పదింట తొమ్మిదిసార్లు మొదటిదే.

ముద్రలో లేని మచ్చలు

మావాడు ఇంకొకటి అడిగాడు: "చార్మినార్ పైన అంచు దగ్గర గడ్డలా ఉంది, అది కిరీటమా?" కాదు. వెండి రూపాయలకి కొండి అతికించి దండగా వేసుకోవడం మన దగ్గర మామూలే. తర్వాత ఎవరో కొండి తీయించేశారు, టంకం మిగిలింది. దాని కిందున్న అక్షరాలు కూడా కరిగి ఉంటాయి. రెండు ముఖాల మీదా అంచులో సరిగ్గా ఒకే చోట మచ్చ ఉంటే ఇదే కారణం.

ఇంకా పాత, చేత్తో కొట్టిన రూపాయల మీద చిన్న చిన్న గుచ్చులు, చంద్రవంకలు, పూల ముద్రలు కనిపిస్తాయి. వెండి మంచిదో కాదో చూసి షరాబులు వేసిన ముద్రలవి. అక్షరాల మీద అడ్డదిడ్డంగా పడి, లోపలికి దిగి ఉంటాయి. అసలు ముద్రలోని గుర్తులు పైకి ఉబికి, అక్షరాలతో పాటు పొందికగా ఉంటాయి. లోపలికి దిగినది తర్వాత పడిందని, ఉబికినది అచ్చులోంచి వచ్చిందని చెబితే కొత్తవాళ్ళు ఇకపై వాళ్ళే తేల్చుకుంటారు.

ఫొటో చెప్పలేనిది

ఇన్నీ చదివాక కూడా అది అసలుదేనని ఫొటో చూసి ప్రమాణం చేయకూడదు. అక్షరాలన్నీ సరిగ్గా ఉన్న నకళ్ళు బజారులో దొరుకుతాయి. మూసలో పోసిన నకిలీకి అక్షరాల అంచులు సబ్బు ముక్కలా మెత్తగా ఉంటాయి, నేల మీద సూదిమొన లాంటి గుంటలుంటాయి. కానీ ఫొటోలో అరుగుదల కూడా అలాగే కనిపించవచ్చు.

కంసాలి దగ్గర తూకం వేయించమన్నాను. ఈ రూపాయి బరువు 11.18 గ్రాములు ఉండాలి, అరిగితే కొద్దిగా తగ్గవచ్చు. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు. ఈ రెండు బరువులూ ఒకటే అనుకుని "తక్కువ తూగింది, నకిలీ" అని తేల్చేసే వ్యాపారులు ఉన్నారు, జాగ్రత్త. వెండిలోనూ తేడా ఉంది. హాలీ రూపాయిలో వెయ్యికి 818 పాళ్ళు, బ్రిటిష్ రూపాయిలో వెయ్యికి 917 పాళ్ళు. లెక్కవేస్తే మనదాంట్లో సుమారు 9.14 గ్రాముల వెండి, వాళ్ళదాంట్లో సుమారు 10.69. ఏడు హాలీ రూపాయలకి ఆరు బ్రిటిష్ రూపాయలని పాతకాలంలో మారకం చెప్పేవారు కదా, 9.14ని ఏడుతోనూ 10.69ని ఆరుతోనూ గుణించి చూడండి. రెండూ 64 గ్రాముల దగ్గరే తేలతాయి.

మర్నాడు వాడు తూకం పంపాడు: 11.09. అయస్కాంతానికి అంటుకోలేదు. నేను రాసి పంపిన జవాబు ఇది: "ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ వెండి రూపాయి. హిజ్రీ 1337, ఏలుబడి 8వ ఏడు, అంటే 1918 అక్టోబరు నుంచి 1919 మే లోపు. హైదరాబాద్ టంకశాల, పేరు వెనకవైపు రాసి ఉంది. పైన కొండి తీసేసిన టంకం మచ్చ. తూకం సరిపోయింది, వెండి నాణ్యత చూపించుకోవాలి." వాడు ఉద్యోగానికి అమెరికా వెళుతున్నాడు కాబట్టి ఇంకో వాక్యం కలిపాను: వందేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది, సొంతంగా దేశం దాటించకూడదు, నానమ్మ పెట్టెలోనే ఉంచి వెళ్ళు.

"సరే మామయ్యా, కానీ నానమ్మ దీన్ని విభూదితో తోమేసింది" అని జవాబొచ్చింది.